విమాన టికెట్ రద్దు చేశాక డబ్బు తక్కువగా వస్తే ప్రతి కోతకూ లెక్క ఎలా అడగాలి

బుకింగ్ పోర్టల్ ద్వారా కొన్న విమాన టికెట్‌ను మీరే రద్దు చేసుకున్నప్పుడు, కట్టిన మొత్తంలో కొంత తగ్గి రావడం సహజమే. అయితే పోర్టల్ ఆ తగ్గుదలను సాధారణంగా “రద్దు ఛార్జీలు” అనే ఒకే వరుసలో, ఒకే అంకెగా చూపుతుంది. ఆ ఒక్క అంకెలో విమాన సంస్థ తీసుకున్నది, పోర్టల్ తీసుకున్నది, ప్రభుత్వానికి చెందవలసిన పన్ను, మీకు తిరిగి రావలసి ఉండి కూడా రానిది అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందువల్ల “నాకు తక్కువ వచ్చింది” అని ఫిర్యాదు చేస్తే “నిబంధనల ప్రకారమే తగ్గించాం” అనే జవాబు వస్తుంది, విషయం అక్కడితో ఆగిపోతుంది. ఏ కోత ఎవరు, ఏ నిబంధన కింద, ఎంత వేశారో వరుసవారీగా అడిగితే మాత్రం జవాబు చెప్పక తప్పదు. ఆ లెక్క మీరు ముందుగా వేసుకోవడం, ఆ తరువాత అడగడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. దేశంలోపల తిరిగే విమానాలకు, భారతీయ విమాన సంస్థలకు ఇది వర్తిస్తుంది. గల్ఫ్ మీదుగా అమెరికాకో, ఐరోపాకో వెళ్లే విదేశీ సంస్థల టికెట్లకు వారి దేశపు రిఫండ్ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, కింద చెప్పే పరిమితులను వారి ముందు ఉంచి లాభం ఉండదు.

మరొక మాట. విమానాన్ని సంస్థే రద్దు చేసి ఉంటే, మీరు దానికి బదులుగా వేరే విమానం తీసుకోకపోతే, అసలు రద్దు ఛార్జీ అనే ప్రశ్నే రాదు. అప్పుడు అడగవలసింది విమాన సంస్థకు చేరిన పూర్తి మొత్తం. కొన్నిసార్లు ప్రయాణికులు సంస్థ పంపిన “విమానం రద్దయింది” అనే సందేశం చూడకుండా, తామే వెళ్లి రద్దు బటన్ నొక్కి ఛార్జీ కట్టుకుంటారు. రద్దు చేసే ముందు, చేశాక కూడా ఆ సందేశం వచ్చిందేమో వెతకండి.

దగ్గర పెట్టుకోవలసిన కాగితాలు

మొదటిది టికెట్ కొన్నప్పుడు వచ్చిన ఛార్జీల విభజన. మొత్తం ఎంతో చెప్పే పేజీ దీనికి పనికిరాదు. బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ, యూజర్ డెవలప్‌మెంట్ ఫీ, విమానాశ్రయ భద్రతా రుసుము, జీఎస్టీ విడివిడిగా ఉన్న పేజీ కావాలి. పోర్టల్ ఇచ్చిన రసీదులో ఇవన్నీ “పన్నులు, రుసుములు” అని కలిపేసి ఉంటే నిరాశపడకండి. మీ పీఎన్ఆర్ నంబరుతో విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో వెతికితే జీఎస్టీ ఇన్‌వాయిస్ దొరకాలి, అందులో అసలు విభజన కనిపిస్తుంది.

రెండవది పోర్టల్ ఇచ్చిన సొంత ఇన్‌వాయిస్. ఇందులో కన్వీనియన్స్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ, వాడిన కూపన్ తగ్గింపు ఉంటాయి. మూడవది రద్దు చేసినట్టు ధ్రువీకరిస్తూ వచ్చిన ఈమెయిల్. అందులోని తేదీ కంటే గంట, నిమిషం ముఖ్యం. ఎందుకంటే బయలుదేరే వేళకు ఎన్ని గంటల ముందు రద్దు చేశారన్న దాని మీద ఛార్జీ స్లాబు మారుతుంది. మీరు 10 గంటలకు రద్దు చేస్తే పోర్టల్ దానిని విమాన సంస్థకు పంపింది మధ్యాహ్నం 3 గంటలకు కావచ్చు, ఆ మధ్యలో స్లాబు మారిపోయి ఉండవచ్చు. ఆ ఆలస్యానికి మీరు బాధ్యులు కారు.

నాలుగవది మీ బ్యాంకు ఖాతాలో లేదా కార్డు స్టేట్‌మెంట్‌లో పడిన అసలు జమ. యాప్‌లో “రిఫండ్ పూర్తయింది” అని చూసి లెక్క మొదలుపెట్టకండి. కట్టేటప్పుడు కొంత వ్యాలెట్ నుంచి, కొంత కార్డు నుంచి కట్టి ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు కూడా రెండు చోట్లకు పడుతుంది. “తక్కువ వచ్చింది” అనుకున్న డబ్బు వ్యాలెట్‌లో ఉండటం అరుదు కాదు. మీ అంగీకారం లేకుండా మొత్తాన్ని తరువాతి బుకింగ్‌కు మాత్రమే వాడుకోగల క్రెడిట్ షెల్‌గానో, వ్యాలెట్ పాయింట్లుగానో వేస్తే అది వేరే అభ్యంతరం. విమాన సంస్థ రిఫండ్‌ను క్రెడిట్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమేనని, అది సంస్థ తనంతట తాను అమలుచేసే పద్ధతి కాకూడదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ నిబంధన చెబుతుంది.

లెక్క వేసే పద్ధతి

ఇక్కడ ఒక టికెట్‌ను తీసుకుని పూర్తిగా చేసి చూద్దాం. అంకెలు వివరణ కోసం వేసుకున్నవి, మీ టికెట్‌లోవి వేరుగా ఉంటాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒకరికి ఎకానమీ టికెట్. బేస్ ఫేర్ 4,200, ఇంధన సర్‌ఛార్జీ 400, ఈ రెండూ కలిపి 4,600. దానిపై ఎకానమీ తరగతికి 5 శాతం జీఎస్టీ 230. యూజర్ డెవలప్‌మెంట్ ఫీ 750, భద్రతా రుసుము 236. అంటే విమాన సంస్థకు చేరింది 5,816 రూపాయలు. పోర్టల్ తన కన్వీనియన్స్ ఫీజుగా పన్నుతో కలిపి 350 వేసి, కూపన్ కింద 400 తగ్గించింది. మీ ఖాతా నుంచి వెళ్లింది 5,766 రూపాయలు. రద్దు చేశాక వచ్చింది 280. యాప్‌లో “రద్దు ఛార్జీలు 5,486” అని ఒకే వరుస ఉంది.

ముందుగా ఒక కనీస రేఖ గీసుకోండి. 2016 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ పౌర విమానయాన నిబంధనల్లో, మూడవ సెక్షన్, ఎం సిరీస్, రెండవ భాగం టికెట్ రిఫండ్ల గురించినది. దాని ప్రకారం విమాన సంస్థ వేసే రద్దు ఛార్జీ ఏ పరిస్థితిలోనూ బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిసిన మొత్తాన్ని మించకూడదు. చట్టబద్ధమైన పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీ, ప్రయాణికుల సేవా రుసుము వంటివి తిరిగి ఇవ్వాలి. ప్రత్యేక తగ్గింపు ధరలకు కొన్న టికెట్లకూ, బేస్ ఫేర్ తిరిగి ఇవ్వబోమని ముందే చెప్పిన టికెట్లకూ, చివరికి ప్రయాణికుడు విమానాశ్రయానికే రాని సందర్భానికీ ఇది వర్తిస్తుంది. మన ఉదాహరణలో విమానాశ్రయానికి సంబంధించిన రెండు రుసుములూ కలిపి 986. అంటే బేస్ ఫేర్ మొత్తం పోయినా, విమాన సంస్థ వైపు నుంచి ఇంతకు తక్కువ రాకూడదు. చేతికి వచ్చింది 280 మాత్రమే కాబట్టి, మధ్యలో ఏదో జరిగిందని ఇక్కడే అర్థమవుతుంది.

ఇక అసలు ఛార్జీ. టికెట్ షరతుల్లో ఆ స్లాబుకు ఒక్కొక్కరికి 4,000 రద్దు ఛార్జీ అని ఉందనుకుందాం. 4,600 పరిమితికి లోబడే ఉంది కాబట్టి అది చెల్లుతుంది. అదే బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపి 3,000 మాత్రమే ఉన్న చవక టికెట్ అయితే, షరతుల్లో 4,000 అని రాసి ఉన్నా 3,000కి మించి తీయడానికి వీల్లేదు. చవక టికెట్లు కొన్నవారు ముందుగా చూడవలసిన వరుస ఇదే.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు. “పన్నులన్నీ తిరిగి ఇవ్వాలి కదా, 230 మొత్తం ఇవ్వండి” అని అడుగుతారు. అది సరికాదు. విమాన సంస్థ తన దగ్గర ఉంచుకున్న రద్దు ఛార్జీ మీద కూడా, అసలు సేవకు వర్తించే రేటులోనే పన్ను పడుతుందని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. ఎకానమీ టికెట్ కాబట్టి 4,000పై 5 శాతం, అంటే 200 మినహాయించుకోవచ్చు. మిగతా 30 మీకు రావాలి. ఈ 200ను కూడా వివాదంలోకి లాగితే మీ మిగతా ప్రశ్నల బలం తగ్గుతుంది. దానికి బదులుగా చూడవలసింది రేటును. విమాన సంస్థ ఛార్జీ మీద 18 శాతం వేసి ఉంటే, ఎకానమీ టికెట్ విషయంలో అది అడగవలసిన ప్రశ్న.

కాబట్టి విమాన సంస్థ తిరిగి ఇవ్వవలసింది 5,816లో నుంచి 4,000, 200 తీసివేయగా మిగిలిన 1,616. మరో వైపు నుంచి కూడి చూసినా అంతే రావాలి. బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీల్లో మిగిలిన 600, దానిపై పన్ను 30, విమానాశ్రయ రుసుములు 986, మొత్తం 1,616. రెండు వైపులా ఒకే అంకె వస్తేనే మీ లెక్క సరైనదని నమ్మండి.

తరువాత పోర్టల్ వంతు. కన్వీనియన్స్ ఫీజు 350 తిరిగి ఇవ్వబోమని కొనుగోలు సమయంలోనే చూపి ఉంటారు. రద్దు సేవకు వేరుగా పన్నుతో కలిపి 300 తీసుకుంటామని షరతుల్లో ఉందనుకుందాం. అప్పుడు మీరు కట్టిన 5,766లో నుంచి 4,000, 200, 350, 300 తీసివేస్తే 916 మిగలాలి. వచ్చింది 280. తేడా 636.

ఇప్పుడు ఆ 636ను టికెట్ వరుసలతో పోల్చండి. ఒక్క అంకెతో సరిపోవడం లేదు. అయితే 236 అనేది భద్రతా రుసుము, మిగిలిన 400 కూపన్ విలువ. అంటే భద్రతా రుసుము ఎవరి దగ్గరో ఆగిపోయింది, కూపన్‌ను రెండుసార్లు లెక్కించారు. ఈ రెండవది ఎలా జరుగుతుందో చెప్పాలి. కూపన్ మీకు ఇచ్చిన తగ్గింపే తప్ప మీరు కట్టిన డబ్బు కాదు కాబట్టి అది మీకు తిరిగి రాదు, అందులో తప్పు లేదు. కానీ మీరు కట్టిన 5,766 అనే అంకెలో కూపన్ ఇప్పటికే తీసివేసి ఉంది. ఆ అంకె నుంచి మొదలుపెట్టి మళ్లీ “కూపన్ వెనక్కి తీసుకోవడం” పేరుతో 400 తీస్తే అది రెండవ కోత. కూపన్‌కు ముందున్న 6,166 నుంచి మొదలుపెట్టి 400 తీస్తే మాత్రం సరైనదే. అందుకే లేఖలో మొదటి ప్రశ్నగా “ఏ మొత్తం నుంచి తీసివేయడం మొదలుపెట్టారు?” అని అడగండి.

డబ్బు ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడం

పోర్టల్‌కు రాసే ముందు విమాన సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, పీఎన్ఆర్ చెప్పి, “ఈ బుకింగ్‌కు ఏజెంటుకు ఎంత రిఫండ్ చేశారు, ఏ తేదీన చేశారు?” అని మాత్రమే అడగండి. ఫిర్యాదు చేయకండి, వాదించకండి. వాదన మొదలైతే “మీరు ఏజెంటు దగ్గర కొన్నారు, వారినే అడగండి” అని ఫోన్ పెట్టేస్తారు, కావలసిన అంకె దొరకదు. వారు 1,616 అని చెబితే కోత పోర్టల్ దగ్గర జరిగింది. 1,380 అని చెబితే భద్రతా రుసుమును ఆపుకున్నది విమాన సంస్థే. ఫోన్‌లో చెప్పిన దాన్ని ఈమెయిల్ ద్వారా కూడా ధ్రువీకరించమని అడగండి. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే, ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఆగిపోతుంది. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ ఫోన్ కాలే.

లేఖ

చాట్ కిటికీలో అడగడం కంటే ఈమెయిల్‌లో అడగడం మంచిది. చాట్‌లో ఇచ్చే జవాబులు ముందే సిద్ధం చేసి ఉంచినవి, పైగా సంభాషణ ముగిశాక కొన్నిచోట్ల కనిపించవు. చాట్ తప్ప మార్గం లేకపోతే ప్రతి తెరనూ ఫొటో తీసి ఉంచుకోండి. లేఖలో కోపం, గతంలో వారు చేసిన తప్పులు, ప్రయాణం ఎందుకు మానుకున్నారో చెప్పే కథ ఉండకూడదు. కింది నమూనాలో ఉన్నట్టు రాయండి. సంస్థ ఇంగ్లీషులోనే జవాబిస్తుందనిపిస్తే ఇదే విషయాన్ని ఇంగ్లీషులో పంపినా నష్టం లేదు.

“ఆర్యా, పై పీఎన్ఆర్ గల టికెట్‌ను ఫలానా తేదీ ఉదయం 10 గంటల 12 నిమిషాలకు మీ యాప్‌లో రద్దు చేశాను. నేను చెల్లించినది 5,766 రూపాయలు, నా ఖాతాలో జమ అయినది 280 రూపాయలు. మినహాయించిన 5,486 రూపాయలను కింది విధంగా విడదీసి తెలియజేయగలరు: మీరు ఏ మొత్తం నుంచి మినహాయింపులు మొదలుపెట్టారు, విమాన సంస్థ విధించిన రద్దు ఛార్జీ ఎంత, అది ఏ సమయ స్లాబు ప్రకారం విధించారు, దానిపై జీఎస్టీ ఎంత, ఏ రేటున వేశారు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీ 750, భద్రతా రుసుము 236 తిరిగి వచ్చాయా, రాకపోతే కారణం ఏమిటి, మీ సంస్థ తీసుకున్న ఫీజులు ఎంత, అవి చెల్లింపుకు ముందు నాకు ఏ పేజీలో చూపారు, కూపన్ కింద విడిగా ఏమైనా మినహాయించారా. విమాన సంస్థ ఈ టికెట్‌కు మీకు 1,616 రూపాయలు తిరిగి ఇచ్చినట్టు తెలిపింది, ఆ జవాబు జతచేశాను. నా లెక్క ప్రకారం నాకు 916 రూపాయలు రావాలి. మిగిలిన 636 రూపాయలను చెల్లించిన మార్గంలోనే జమ చేయండి, లేదా నా లెక్కలో ఏ వరుస తప్పో చూపండి.”

చివరి వాక్యం ముఖ్యం. అందులో మీరు అంకె చెబుతున్నారు, తప్పుంటే చూపమంటున్నారు. ఆ తరువాత వచ్చే జవాబు ఏదైనా ఒక వరుసకు సంబంధించినదే అయి ఉండాలి. “విమాన సంస్థ పాలసీ ప్రకారం” అని మాత్రమే రాస్తే, మీరు కొత్త వాదన చేయవలసిన పని లేదు. అదే లేఖను కింద ఉంచి, “నేను అడిగిన ఆరు అంశాల్లో దేనికీ ఇందులో జవాబు లేదు” అని రాసి పంపండి. “ఇది తిరిగి ఇవ్వబడని టికెట్” అని వస్తే, ఆ షరతు బేస్ ఫేర్‌కు వర్తిస్తుందే తప్ప విమానాశ్రయ రుసుములకు కాదని పైన చెప్పిన డీజీసీఏ నిబంధనను పేర్కొనండి. “రిఫండ్ ప్రాసెసింగ్ ఫీజు” అనే పేరుతో విమాన సంస్థే కోత వేసి ఉంటే, రిఫండ్ చేయడానికి సంస్థ అదనపు ఛార్జీ తీసుకోకూడదన్నది కూడా అదే భాగంలో ఉంది. పోర్టల్ సొంత ఫీజు విషయం వేరు. అది మీకూ పోర్టల్‌కూ మధ్య ఉన్న ఒప్పందం కిందికి వస్తుంది కాబట్టి, అక్కడ మీ ప్రశ్న “ఎందుకు తీసుకున్నారు” అని కాకుండా “డబ్బు కట్టే ముందు నాకు ఎక్కడ చూపారు” అని ఉండాలి. షరతుల పేజీలో ఎక్కడో అడుగున ఉండి, చెల్లింపు తెర మీద కనిపించని ఫీజును వివాదం చేయవచ్చు. స్పష్టంగా కనిపించిన దాన్ని వదిలేయడమే మంచిది.

జీఎస్టీ పేరుతో తీసుకున్న ప్రతి రూపాయికీ ఇన్‌వాయిస్ అడగవచ్చు. పోర్టల్ తన రద్దు ఫీజు మీద పన్ను తీసుకుంటే దానికి దాని సొంత ఇన్‌వాయిస్ ఉండాలి. మామూలుగా జవాబివ్వని సంస్థలు కూడా పన్ను ఇన్‌వాయిస్ అడిగినప్పుడు విషయాన్ని ఖాతాల విభాగానికి పంపుతాయి, అసలు విభజన అక్కడినుంచే బయటికి వస్తుంది.

జవాబు రాకపోతే

టికెట్ ఏజెంటు ద్వారా కొన్నప్పటికీ రిఫండ్ బాధ్యత విమాన సంస్థదేనని, ఏజెంటు దాని ప్రతినిధి మాత్రమేనని డీజీసీఏ నిబంధన చెబుతుంది. కాబట్టి పోర్టల్ మౌనంగా ఉంటే అదే లేఖను విమాన సంస్థ నోడల్ అధికారికి పంపండి. ఆ అధికారి వివరాలు సంస్థ వెబ్‌సైట్‌లోని ఫిర్యాదుల పేజీలో ఉంటాయి. డబ్బు ఎన్ని రోజుల్లో రావాలన్న గడువు కూడా అదే నిబంధనల పత్రంలో ఉంటుంది, దీన్ని అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి మీరు రద్దు చేసిన తేదీకి అమల్లో ఉన్న ప్రతిని డీజీసీఏ వెబ్‌సైట్ నుంచి తీసి లేఖలో ఉటంకించండి.

దాని తరువాత మెట్టు పౌర విమానయాన మంత్రిత్వ శాఖ నడిపే ఎయిర్‌సేవ పోర్టల్. విమాన సంస్థ మీద ఫిర్యాదుకు అది తగిన చోటు. బుకింగ్ పోర్టల్ మీద ఫిర్యాదుకు మాత్రం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 మంచిది, తెలుగులోనూ మాట్లాడవచ్చు, consumerhelpline.gov.in లోనూ నమోదు చేయవచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, మీ ఫిర్యాదును సంస్థకు చేర్చి జవాబు తెప్పిస్తుంది. అక్కడ కూడా “డబ్బు మోసం చేశారు” అని కాకుండా, మీ ఆరు ప్రశ్నలూ, 636 అనే అంకె, జతపరచిన కాగితాలు పెట్టండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, సంస్థ కార్యాలయం గురుగ్రామ్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉన్న కేసులకు ఫీజు లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. 636 రూపాయల కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఇష్టం. కుటుంబంలో ఐదుగురి టికెట్లు ఒకే బుకింగ్‌లో రద్దయి, ఇలాంటి కోత తలకొకటి చొప్పున పడి ఉంటే ఆ లెక్క వేరుగా ఉంటుంది.

ఏ మెట్టు దగ్గరైనా సంస్థ కొంత మొత్తాన్ని జమ చేసి “సమస్య పరిష్కారమైంది” అని ఫిర్యాదును మూసేస్తే, ఆ జమ ఏ వరుసకు చెందిందో అడిగి తెలుసుకోండి. 400 మాత్రమే పడితే కూపన్ రెండవ కోతను సరిదిద్దారని, భద్రతా రుసుము 236 ఇంకా రావలసి ఉందని అర్థం. ఆ మిగిలిన అంకెను రాసి ఫిర్యాదును తిరిగి తెరిపించండి.